అమ్మానాన్నల మందుల చీటీని తెలుగులోకి మార్చడం

మాత్రల అట్టమీద మందు పేరు, మోతాదు, గడువు నెల ఉంటాయి. ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో మాత్రం ఉండదు. చాలా అట్టలమీద ‘డాక్టరు చెప్పినట్టు వాడాలి’ అనే మాటే ఇంగ్లీషులో ఉంటుంది. అసలు సంగతి డాక్టరు రాసిచ్చిన చీటీలో పొడి అక్షరాల్లో దొరుకుతుంది. వాటిలో చాలావరకు లాటిన్ మాటలకు కురచ రూపాలు. అందుకే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ వాటి దగ్గర తడబడతారు.

డెబ్భై దాటిన ఒక షుగరు రోగి చీటీలో మూడు మందులు ఉన్నాయనుకుందాం. మొదటిది పాంటోప్రజోల్ 40, ఓడీ, ఏసీ. ఓడీ అంటే రోజుకు ఒకసారి, ఏసీ అంటే తినకముందు. దీన్ని ‘పొద్దున లేచాక పరగడుపున ఒకటి, అరగంట ఆగి టిఫిను’ అని రాస్తే పెద్దవాళ్లకు చప్పున తెలుస్తుంది.

రెండోది మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్, 1-0-1, పీసీ. ఆ మూడు అంకెలు వరసగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. సున్నా ఉన్న పూట మాత్ర లేదు. బీడీ అని రాసినా రోజుకు రెండుసార్లనే అర్థం. టీడీఎస్ అయితే మూడుసార్లు. ఇక్కడే తెలుగు మాట ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. ‘రోజుకు రెండు’ అని రాస్తే రెండూ ఒకేసారి మింగే ప్రమాదం ఉంది. పీసీని ‘భోజనం తర్వాత’ అని మార్చినా చిక్కే. చాలా ఇళ్లలో భోజనమంటే అన్నమే కాబట్టి, ఇడ్లీ తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర మధ్యాహ్నందాకా ఆగిపోతుంది. ‘టిఫిను తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి’ అనాలి. ఎస్‌ఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. గొంతు దిగడం లేదని దాన్ని నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లో కలుస్తుంది. ‘నమలకూడదు, నూరకూడదు’ అని పక్కనే రాయాలి. మింగలేకపోతే డాక్టరుకే చెప్పాలి.

మూడోది పారాసిటమాల్ 650, ఎస్‌ఓఎస్. ఈ అక్షరాలు చూసి కంగారుపడేవాళ్లున్నారు. వీటికి ‘అవసరమైతేనే’ అని అర్థం. అయితే అంతమాత్రం సరిపోదు. దేనికి, ఎంత ఎడంతో, రోజులో ఎన్నింటికి మించకుండా అన్నది డాక్టరునడిగి రాసిపెట్టాలి. జలుబు మాత్రల్లోనూ తరచుగా పారాసిటమాల్ ఉంటుంది. అట్టమీది పేర్లు వేరుగా ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు కలిస్తే రెండూ కలిపి వేసుకోకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది వారానికొకసారి వేసుకునే మందు గురించి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అలాంటిదే. దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ‘వారానికి ఒకటి’ అని రాసి వదిలేయకుండా, డాక్టరు చెప్పిన వారం పేరే పెద్ద అక్షరాలతో ‘ఆదివారం మాత్రమే’ అన్నట్టుగా రాసి, ఆ అట్టను రోజూ వాడే మాత్రల డబ్బాలో కాకుండా విడిగా ఉంచాలి.