లీజా, కొనుగోలా: ఏ వడ్డీతో లెక్క వేయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీకి సీఎన్‌సీ లేత్ కావాలనుకుందాం. కొంటే 10 లక్షలు. లీజుకు తీసుకుంటే ఐదేళ్లపాటు ఏడాది చివర 2.6 లక్షల చొప్పున అద్దె. మొత్తం అద్దె 13 లక్షలు గనుక కొనడమే మేలని తేల్చేయకూడదు. ఐదేళ్ల తర్వాత కట్టే రూపాయి ఇవాళ కట్టే రూపాయి అంత బరువు కాదు. అన్నింటినీ నేటి విలువకు తెచ్చాకే పోల్చాలి. అందుకు వాడే డిస్కౌంట్ రేటే ఇక్కడ కీలకం.

వ్యాపారంలో 15 శాతం లాభం వస్తోంది కదా అని ఆ రేటు వాడాలనిపిస్తుంది. కానీ లీజు అద్దె స్వభావం వేరు. ఆర్డర్లు ఉన్నా లేకున్నా, బ్యాంకు వాయిదాలాగే గడువుకు కట్టి తీరాలి. లీజు తీసుకున్న మేరకు కొత్త అప్పు పుట్టే అవకాశం కూడా తగ్గుతుంది. అంటే లీజు అప్పుకు ప్రత్యామ్నాయం. కాబట్టి అప్పు ఖర్చే దానికి సరైన కొలత. బ్యాంకు వడ్డీ 12 శాతం, ఆదాయపు పన్ను 25 శాతం అనుకుంటే, 12 రూపాయల వడ్డీని ఖర్చుగా చూపడం వల్ల 3 రూపాయల పన్ను తగ్గుతుంది. అసలు భారం 9 శాతమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. పన్ను ఆదా పోగా ఏటా అద్దె 1.95 లక్షలు. 9 శాతంతో ఐదేళ్ల అద్దెల నేటి విలువ 7.58 లక్షలు. కొంటే ముందే 10 లక్షలు పెట్టాలి. ఏటా మిగిలిన విలువపై 15 శాతం తరుగుదల చూపడం వల్ల ఆదా అయ్యే పన్ను నేటి విలువ 1.11 లక్షలు. ఐదేళ్లకు పుస్తకాల్లో మిగిలే 4.44 లక్షలకే మెషీన్ అమ్ముడైతే, దాని నేటి విలువ 2.88 లక్షలు. ఈ రెండూ తీసేస్తే కొనుగోలు ఖర్చు దాదాపు 6 లక్షలు. కొనడమే లక్షన్నరకు పైగా చౌక.

అదే 15 శాతం వాడితే లీజు 6.54 లక్షలు, కొనుగోలు 6.82 లక్షలు. తీర్పు తారుమారైంది. రేటు పెరిగేకొద్దీ తర్వాత కట్టే డబ్బు చిన్నదిగా కనిపిస్తుంది. లీజులో కట్టేదంతా తర్వాతే కదా!

అప్పు చేసి కొన్నా, వడ్డీని మళ్లీ ఖర్చుల్లో కలపకూడదు. అది 9 శాతంలోనే ఉంది. కంపెనీ నష్టాల్లో ఉండి పన్ను కట్టకపోతే పన్ను ఆదాలన్నీ తీసేసి, 12 శాతమే వాడాలి.

అద్దెలా ఖాయం కానిది మెషీన్ అమ్మకపు ధర ఒక్కటే. దానికి మాత్రం 15 శాతం వాడటం సబబు. అలా చూసినా కొనుగోలు ఖర్చు 6.68 లక్షలే. కానీ పాత మెషీన్ సుమారు 2.6 లక్షలకు మించి పలకదనుకుంటే లీజే నయం. అందుకే సంతకం పెట్టేముందు, ఐదేళ్లు వాడిన అలాంటి లేత్ మార్కెట్లో ఎంతకు పోతోందో కనుక్కోండి.