తమ్ముడొచ్చాక పాప పక్క తడుపుతోందా?

మూడేళ్ల పాపను ఊహించుకోండి. రాత్రిళ్లు పక్క తడపడం మానేసి ఆరు నెలలు దాటింది. గ్లాసుతో పాలు తాగుతుంది. తమ్ముడు పుట్టి రెండు వారాలైందో లేదో మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టింది. పాలు సీసాలో పోసిమ్మంటోంది. శుభ్రంగా మాట్లాడే పిల్ల నత్తినత్తిగా మాట్లాడుతోంది. అమ్మ చంటివాడికి పాలివ్వడానికి కూర్చుంటే చాలు, అప్పుడే బాత్రూమ్‌కి వెళ్లాలంటోంది.

ఇంట్లో అందరూ ‘కావాలనే చేస్తోంది’ అంటారు. పగటిపూట అల్లరిలో కొంత కావాలనే చేస్తుందేమో గానీ, నిద్రలో పక్క తడపడం మాత్రం తన చేతిలో ఉండదు. ఇంతకూ పాప చూస్తున్నదేమిటి? పక్క తడిపి ఏడ్చేవాణ్ని అందరూ ఎత్తుకుంటున్నారు. బుద్ధిగా ఉన్న తనకు మాత్రం ‘నువ్వు పెద్దదానివి కదా’ అన్న మాట మిగిలింది. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య వయసు పిల్లల్లో ఈ వెనకడుగు ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మ అవసరం ఇంకా తీరని వయసది, మనసులో ఉన్నది చెప్పడానికి మాటలు చాలవు.

సిజేరియన్ అయితే చిక్కు ఇంకాస్త ఎక్కువ. కుట్లు మానేదాకా, అంటే సుమారు ఆరు వారాలు, చంటిబిడ్డను మించిన బరువు ఎత్తవద్దని డాక్టర్లు చెబుతారు. మొన్నటిదాకా చంకనెక్కిన పాపను అమ్మ ఒక్కసారిగా ఎత్తుకోవడం మానేస్తుంది. ఎందుకని అడిగితే ‘తమ్ముడున్నాడు కదమ్మా’ అనేస్తాం. పొరపాటు అక్కడే జరుగుతుంది. నిజానికి అడ్డు కుట్లు, తమ్ముడు కాదు. ‘అమ్మ పొట్టకు దెబ్బ తగిలినట్టు నొప్పిగా ఉంది, ఎత్తుకోలేను. పక్కన కూర్చో, గట్టిగా పట్టుకుంటా’ అని చెప్పండి. మీరు పడుకుని ఉంటే పాపను మీ భుజం వైపు చేర్చుకోండి. మిగతా విషయాల్లోనూ అంతే. ‘తమ్ముడు నిద్రపోతున్నాడు, అరవకు’ అనే బదులు ‘మనం గుసగుసగా మాట్లాడుకుందాం’ అనండి. రోజుకు పదిసార్లు ‘వద్దు’కు కారణంగా వాడి పేరే వినిపిస్తే, వాడంటే ఇష్టం ఎలా పుడుతుంది?

పాలిచ్చే సమయానికి ఓ చిన్న ఏర్పాటు చేసుకోండి. ఒక బుట్టలో రెండు బొమ్మల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, కాసిని మరమరాలు పెట్టి, మీరు పాలిచ్చేటప్పుడే బయటికి తీయండి. ఒక చేత్తో చంటివాణ్ని పట్టుకుని రెండో చేత్తో పేజీ తిప్పొచ్చు. సీసా అడిగితే ఒకసారి ఇవ్వండి, ఎగతాళి చేయకండి. తనూ పాలు తాగుతానని ఒళ్లోకి వస్తే కసరకండి. చాలామంది పిల్లలు ఒకసారి రుచి చూసి ముఖం చిట్లించి వెళ్లిపోతారు.

రోజూ ఒక పది నిమిషాలు మీరూ పాపా మాత్రమే ఉండాలి. చంటివాణ్ని అమ్మమ్మకిచ్చి, ఫోన్ పక్కన పెట్టి, పాప చెప్పిన ఆటే ఆడండి. ఒక రోజు గంటసేపు ఆడి మూడు రోజులు కుదరలేదనడం కన్నా రోజూ అదే వేళకు పది నిమిషాలే మేలు. ఆ వేళ వస్తుందని పాపకు తెలిస్తే మిగతా సమయం ఎదురుచూడగలుగుతుంది. స్నానం, పడుకునే ముందు కథ నాన్న చేతికి వెళ్లడం మంచిదే. అయితే ఆ అలవాటు ప్రసవానికి ముందే మొదలవ్వాలి. కొత్త మంచం, కొత్త స్కూలు కూడా అంతే. ముందే కుదరకపోతే రెండు మూడు నెలలు ఆగండి.

ఇక చుట్టాల సంగతి. ‘నీ పనైపోయిందే, అమ్మ ఇక తమ్ముడిదే’, ‘వాణ్ని మా ఇంటికి తీసుకుపోనా?’ అని సరదాకి అంటారు. మూడేళ్ల పిల్లకు అది సరదా అని తెలియదు. బారసాల రోజు ఇలాంటివి మరీ ఎక్కువ. ఎవరేమనుకున్నా సరే, అక్కడికక్కడే ‘అమ్మ ఇద్దరిదీ’ అని పాప వినేలా అనేయండి.

కొడితే, గిల్లితే చేయి పట్టుకుని ఆపి ‘కొట్టనివ్వను. కోపమొచ్చిందని నాతో చెప్పు’ అనండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. ముద్దు చేస్తూనే గట్టిగా నొక్కేసే వయసు కాబట్టి, ఎంత మంచి పిల్లయినా ఇద్దరినీ ఒంటరిగా ఒక గదిలో వదలకండి.

తడిసిన పక్కను మాట్లాడకుండా మార్చేయండి. సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, విపరీతమైన దాహం, బరువు తగ్గడం కనిపిస్తే అది తమ్ముడి మీద అసూయ అనుకుని ఊరుకోకండి. వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్ ఉన్నాయేమో పరీక్ష చేస్తారు. ఇవేవీ లేకపోయినా రెండు మూడు నెలలు దాటినా పాప సరిగా తినక, నిద్రపోక, ఆటలు మానేసి ముభావంగా ఉంటే, లేదా చంటివాణ్ని పదేపదే గాయపరచబోతుంటే అప్పుడూ డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.