బిల్లు కన్నా ముందు సరుకు లెక్క

ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ 10,000 అట్టపెట్టెలకు పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిందనుకుందాం. పెట్టె ధర 24 రూపాయలు. మొదటి లారీలో 6,000 పంపినట్టు చలాన్‌లో ఉంది. స్టోర్స్‌లో దించి చూస్తే 160 పెట్టెలు తడిసి మెత్తబడి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, 5,840 పెట్టెలు తీసుకున్నట్టు సరుకు రసీదు రాశారు. ఫ్యాక్టరీల్లో అందరూ జీఆర్ఎన్ అనేది దీన్నే. కొద్ది రోజులకు అకౌంట్స్‌కు బిల్లు వచ్చింది. 6,000 పెట్టెలు, ఒక్కోటి 25 రూపాయలు, పన్ను కాకుండా మొత్తం 1,50,000.

ఈ బిల్లు చూసే ఉద్యోగి ఆ పెట్టెలను చూడలేదు, వాటికి బేరమూ ఆడలేదు. అందుకే బిల్లు పక్కన మిగతా రెండు కాగితాలు పెట్టుకుంటాడు. ధర ఎంతో ఆర్డర్ చెప్పాలి, సంఖ్య ఎంతో జీఆర్ఎన్ చెప్పాలి. 5,840 పెట్టెలు 24 రూపాయల చొప్పున 1,40,160. బిల్లుతో తేడా 9,840. త్రీ వే మ్యాచింగ్ అంటే ఇంతే. కంప్యూటర్ చేసినా ఇదే లెక్క.

అసలు పని తేడాను విడదీయడంలో ఉంది. ఇందులో 4,000 రూపాయలు తీసుకోని 160 పెట్టెలకు వేసినవి. మిగిలిన 5,840 రూపాయలు, తీసుకున్న ఒక్కో పెట్టె మీద రూపాయి చొప్పున ఎక్కువ వేసినవి. మొదటిదానికి స్టోర్స్ జవాబు చెప్పాలి, రెండోదానికి పర్చేజ్ విభాగం. ‘కాగితం రేటు పెరిగింది, ఫోన్‌లో ఒప్పుకున్నాం’ అని పర్చేజ్ వాళ్లు అంటే, ముందు ఆర్డర్‌ను సవరించి పైఅధికారి ఆమోదం తీసుకోవాలి. అంతదాకా అకౌంట్స్‌కు ధర 24 రూపాయలే. ఒప్పుకోకపోతే సరఫరాదారు 9,840కి, దాని మీది పన్నుకీ క్రెడిట్ నోట్ ఇవ్వాలి. జీఎస్టీ చట్టం ప్రకారం కూడా సరుకు చేతికందకుండా దాని పన్నుకు క్రెడిట్ తీసుకోకూడదు.

మూడు కాగితాల్లోనూ నాకు భయం కలిగించేది జీఆర్ఎన్. ఆర్డర్, బిల్లు రెండూ ఆఫీసుల్లో కూర్చుని రాసేవి. జీఆర్ఎన్ ఒక్కటే ఎవరో ఒకరు కళ్లతో చూసి, చేత్తో లెక్కపెట్టి రాయాల్సింది. లారీ డ్రైవర్ తొందరపెడతాడు, హమాలీలు వెళ్లిపోతామంటారు. స్టోర్ కీపర్ చలాన్‌లోని 6,000నే ఎక్కించేస్తాడు. ఆ తర్వాత సంఖ్యలు చక్కగా కలుస్తాయి, పైగా తడిసిన పెట్టెలకూ డబ్బు వెళ్లిపోతుంది. సరఫరాదారు రాసిన సంఖ్యను సరఫరాదారు సంఖ్యతోనే పోల్చుకున్నాం మరి!

దీన్ని పసిగట్టవచ్చు. ఒక సరఫరాదారు నుంచి ఏడాది పొడవునా వచ్చిన సరుకులో ఒక్క పెట్టె కూడా తగ్గలేదంటే, ఒక్కటీ పాడవలేదంటే, అక్కడ ఎవరూ లెక్కపెట్టడం లేదని అనుమానించాలి. బిల్లు అకౌంట్స్‌కు చేరాకే జీఆర్ఎన్ తయారవుతుంటే ఇంకా గట్టిగా అనుమానించాలి. కొన్ని కంపెనీలు ఆర్డర్‌లోని సంఖ్య స్టోర్ కీపర్ తెరమీద కనిపించకుండా చేస్తాయి. ఎంత రావాలో తెలియకపోతే లెక్కపెట్టక తప్పదు. చలాన్ కూడా అతని చేతికి ముందే వెళ్లకుండా చూస్తేనే ఈ ఏర్పాటు పనిచేస్తుంది.

పైసల తేడాలకు బిల్లు ఆపడం దండగ కాబట్టి చాలాచోట్ల ఒక పరిమితి పెడతారు. రెండు శాతం లోపు తేడా ఉంటే దానంతట అదే పాసయ్యేలా. తేడాలు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఉంటే చింత లేదు. ప్రతి బిల్లూ ఒకటిన్నర శాతం ఎక్కువే వస్తుంటే మాత్రం మన పరిమితి సరఫరాదారుకు తెలిసిపోయి ఉండొచ్చు. ఒక్కో బిల్లులో ఇది కనబడదు. సరఫరాదారు వారీగా కూడితేనే బయటపడుతుంది.

సరిపోలని బిల్లును ‘హోల్డ్’లో పెట్టి మరచిపోవడం సరఫరాదారుకు చేసే అన్యాయం. ఆ పెట్టెలు చేసినది చిన్న పరిశ్రమ అయితే చట్టం దాని పక్షాన ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. సరుకు మీద అభ్యంతరం ఉంటే, అది అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. అకౌంట్స్ కంప్యూటర్‌లో బిల్లు పక్కన పెట్టుకున్న ఎర్ర గుర్తు సరఫరాదారుకు ఇచ్చిన నోటీసు కాదు. కాబట్టి 160 పెట్టెలు తీసుకోలేదన్న ఉత్తరం, సరుకు దించిన వారంలోనే స్టోర్స్ నుంచి బయల్దేరాలి. అందులో జీఆర్ఎన్ నంబరు, పెట్టెల సంఖ్య, తీసుకోకపోవడానికి కారణం ఉండాలి.