వంద డాలర్లకు ఎన్ని రూపాయలు?

మా అక్క కొడుకు అమెరికాలో ఎమ్మెస్ కోసం ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తు ఫీజు వంద డాలర్లు. సోమవారం రాత్రి ఫోన్‌లో డాలర్ రేటు చూస్తే 85 రూపాయలుంది. ఎనిమిది వేల అయిదు వందలే కదా అనుకుని వాళ్ల నాన్న క్రెడిట్ కార్డుతో కట్టేశాడు. వెంటనే బ్యాంకు నుంచి 8,540 రూపాయలని మెసేజ్ వచ్చింది. నలభై రూపాయలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరిగి స్టేట్‌మెంట్ వచ్చేసరికి అక్కడున్న మొత్తం 8,955 రూపాయల 18 పైసలు. “మామయ్యా, ఇంకో అయిదు యూనివర్సిటీలకు కట్టాలి. ప్రతిసారీ ఇలాగే పోతుందా?” అని కాగితం పట్టుకుని వచ్చాడు.

మీకు అర్థమయ్యేందుకు అంకెలను కాస్త గుండ్రంగా చేసి చెబుతున్నాను, లెక్క తీరు మాత్రం అదే. అనుకున్నదానికీ పడినదానికీ మధ్య తేడా 455 రూపాయలు. అది మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చింది.

మొదటిది, ఫోన్‌లో కనిపించిన 85. పెద్ద బ్యాంకులు తమలో తాము డాలర్లు కొనే ధరకూ అమ్మే ధరకూ నట్టనడుమ ఉండే అంకె అది. ఆ ధరకు మనలాంటి వాళ్లకు డాలర్ అమ్మేవారు ఉండరు. కార్డుతో కట్టినప్పుడు డాలర్లను రూపాయల్లోకి మార్చేది సాధారణంగా మన బ్యాంకు కాదు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్. అది ఏ రోజుకారోజు తన రేటు తాను నిర్ణయించుకుంటుంది. సోమవారం ఆ రేటు 85 రూపాయల 40 పైసలు. మెసేజ్‌లో వచ్చిన 8,540 అదే.

రెండోది తేదీ. మనం “పే” నొక్కగానే డబ్బు వెళ్లిపోయిందనుకుంటాం. నిజానికి ఆ క్షణంలో జరిగేది అనుమతి మాత్రమే. ఈ కార్డులో ఇంత మొత్తానికి చోటుందా అని అమెరికా నుంచి ప్రశ్న వస్తుంది, ఉందని మన బ్యాంకు జవాబిచ్చి, ఆ మేరకు పక్కన పెడుతుంది. అసలు బిల్లు తర్వాత వస్తుంది. అమ్మినవాళ్లు తమ లావాదేవీలన్నీ పోగుచేసి వాళ్ల బ్యాంకుకు పంపాలి, అది నెట్‌వర్క్‌కు పంపాలి. దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. ఒకటి రెండు రోజులు మామూలే. హోటళ్ల వంటి చోట్ల ఇంకా ఆలస్యం కావచ్చు. మా వాడి బిల్లు బుధవారం చేరింది. అప్పటికి నెట్‌వర్క్ రేటు 86 రూపాయలయింది. ఖాతాలో పడేది చాలావరకు ఈ రెండో రోజు రేటే. అందుకే 8,540 కాస్తా 8,600 అయింది.

ఇంట్లో అందరికీ కోపం వచ్చింది ఈ అరవై రూపాయల మీదే. మెసేజ్ ఒకటి, స్టేట్‌మెంట్ మరొకటి అయ్యేసరికి మోసమన్న అనుమానం రావడం సహజం. కానీ ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ రెండు రోజుల్లో రూపాయి బలపడి ఉంటే ఇదే పద్ధతిలో తక్కువ పడేది. తేదీ వల్ల వచ్చే తేడా ఒకసారి మన వైపు, ఒకసారి అవతలి వైపు మొగ్గుతుంది.

ఎప్పుడూ ఒకే వైపు మొగ్గేది మూడోది: మన బ్యాంకు వేసుకునే ఫారిన్ కరెన్సీ మార్కప్. మన దేశంలో చాలా క్రెడిట్ కార్డుల మీద ఇది మూడున్నర శాతం. 8,600 మీద 301 రూపాయలు. ఈ మార్కప్ బ్యాంకు తీసుకునే సేవా రుసుము కాబట్టి దానిపై 18 శాతం జీఎస్టీ, 54 రూపాయల 18 పైసలు. రెండూ కలిపితే 355. మొత్తం 455లో వంద రూపాయలే రేటుకు సంబంధించినవి, మిగతాదంతా రుసుమే. కార్డు తీసుకునేటప్పుడు ఇచ్చే ఛార్జీల పట్టికలో ఈ శాతం రాసే ఉంటుంది. ఆ పట్టిక చదవాలని మనకు తోచేది డబ్బు పోయాకే.

దీన్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. కొన్ని బ్యాంకులు మార్కప్‌ను స్టేట్‌మెంట్‌లో వేరే వరుసగా చూపిస్తాయి, అప్పుడు పని తేలిక. కలిపేసి చూపిస్తే, మూడున్నర శాతం కార్డు మీద పడిన మొత్తాన్ని 1.0413తో భాగించాలి. మూడున్నర శాతానికి దాని మీది జీఎస్టీ కలిస్తే 4.13 శాతం, ఈ అంకె అక్కడి నుంచి వచ్చిందే. 8,955.18ని భాగిస్తే 8,600 వస్తుంది, అంటే డాలర్‌కు 86. వీసా, మాస్టర్‌కార్డ్ వెబ్‌సైట్లలో తేదీ ఇస్తే ఆ రోజు రేటు చెప్పే లెక్కల పేజీలున్నాయి. అందులో బ్యాంకు ఫీజు అన్న చోట సున్నా వేసి చూడాలి. మనం కట్టిన రోజు రేటుతో కుదరకపోతే తర్వాతి రెండు మూడు రోజులవి చూడాలి. ఎక్కడో ఒకచోట కలుస్తుంది. ఏ రోజుతోనూ కలవకపోతేనే, ఆ లెక్కను జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు రాయడంలో అర్థముంది.

ఇక్కడో ఉచ్చు గురించి చెప్పాలి. సింగపూర్‌కో దుబాయ్‌కో వెళ్లినప్పుడు స్వైపింగ్ మెషిన్ మీద ఒక ప్రశ్న కనిపిస్తుంది: అక్కడి కరెన్సీలో కడతారా, రూపాయల్లో కడతారా? కొన్ని విదేశీ వెబ్‌సైట్లూ ఇలాగే అడుగుతాయి. రూపాయలైతే ఎంతో ఇప్పుడే తెలుస్తుంది కదా అని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. అలా ఎంచుకుంటే మార్పిడి చేసేది నెట్‌వర్క్ కాదు, దుకాణం తరఫున పనిచేసే మరో సంస్థ. దాని రేటులో దాని లాభం కలిసి ఉంటుంది. 85 ఉన్న డాలర్‌ను 89కి లెక్కగడితే, వంద డాలర్లకు అక్కడికక్కడే 8,900. మార్కప్ తప్పిందిలే అనుకుంటే అదీ ఖాయం కాదు. అమ్మినవాళ్లు విదేశంలో ఉన్నారు కాబట్టి, రూపాయల్లో కట్టినా మన బ్యాంకులు చాలావరకు వేరే రుసుము వేస్తాయి. ఒక శాతమనుకున్నా జీఎస్టీతో 105 రూపాయలు పెరిగి మొత్తం 9,005 అవుతుంది. ముందే తెలిసిన అంకె అన్న నిశ్చింతకు చెల్లించే ధర అది. ఎంపిక కార్డుదారుడిదేనని నెట్‌వర్క్‌ల నిబంధన. దుకాణంలోవాళ్లు అడగకుండా రూపాయలు నొక్కేస్తే రద్దు చేయించి, అక్కడి కరెన్సీలో మళ్లీ తీయమనవచ్చు. రసీదు మీద సంతకం పెట్టేముందే చూసుకోవాలి, ఆ తర్వాత కష్టం.

డాలర్ ధర చూపించే సినిమా, సాఫ్ట్‌వేర్ చందాల విషయంలో ఇంకో మెలిక ఉంది. విదేశీ సంస్థలు ఆన్‌లైన్‌లో మనకు అమ్మే సేవలపై 18 శాతం జీఎస్టీ వసూలు చేయాలి. 2023 అక్టోబర్ 1 నుంచి ఈ నిబంధన పరిధి మరింత పెరిగింది. పది డాలర్ల చందా బిల్లులో 11.80 అయితే, బ్యాంకు మార్కప్ ఆ 11.80 మీద పడుతుంది.

డబ్బు వెనక్కి వచ్చేటప్పుడు లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. ఆ యూనివర్సిటీ వంద డాలర్లూ తిరిగిచ్చేసిందనుకుందాం. వాళ్ల దృష్టిలో పూర్తిగా ఇచ్చేసినట్టే. కానీ వాపసు కూడా అది చేరిన రోజు రేటుతోనే రూపాయల్లోకి మారుతుంది, పైగా ఆ రోజు మనకు డాలర్లు అమ్మే రేటు కంటే మన దగ్గర కొనే రేటు తక్కువ. ఆ రేటు 85.20 అయితే 8,520 వస్తుంది. మార్కప్, దానిపై జీఎస్టీ చాలా బ్యాంకులు వెనక్కివ్వవు. ఏమీ కొనకుండానే 435 రూపాయలు పోయినట్టు.

మా వాడికి చెప్పింది ఒక్కటే: రేటు తగ్గే రోజు కోసం కాచుకుని గడువు దాటించుకోవద్దు, కార్డు మార్చు. మార్కప్ లేని కార్డులు కొన్ని దొరుకుతున్నాయి. వాటికి వార్షిక రుసుము ఉందేమో చూసుకోవాలి. ఏడాదికి ఒక్క ఫీజు కట్టేవాళ్లకు గిట్టుబాటు కాకపోవచ్చు. మావాళ్లింట్లో అలాంటి కార్డు ముందునుంచే ఒకటి ఉంది, వాళ్లమ్మది. మిగతా అయిదు ఫీజులూ దానితో కట్టాడు. మొదటిది సెటిలైన రోజు నెట్‌వర్క్ రేటు 85.80. స్టేట్‌మెంట్‌లో పడింది 8,580.