పెట్టె ఎంత జరిగితే తప్పు?

రోడ్డు ఫొటో ఇచ్చి కార్లెక్కడున్నాయో చూపించమంటే కంప్యూటర్ ఒక్కో కారు చుట్టూ ఒక పెట్టె గీస్తుంది. అదే కారు చుట్టూ మనిషి ముందే గీసి పెట్టిన పెట్టె ఒకటుంటుంది. రెండూ అచ్చంగా ఒకచోటే పడటం అరుదు. మరి ఎంత కలిస్తే ఒప్పుకోవాలి?

రెండూ 100 పిక్సెళ్ల పొడవు, 100 వెడల్పు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని వైశాల్యం 10,000. కంప్యూటర్ పెట్టె 20 పిక్సెళ్లు కుడికి జరిగింది. ఒకదానిపై ఒకటి పడిన భాగం 8,000. రెండూ కలిసి కప్పిన చోటు 12,000. ఎందుకంటే 20,000లో ఆ 8,000 రెండుసార్లు లెక్కకొచ్చింది. 8,000ను 12,000తో భాగిస్తే 0.67. దీన్నే ఇంటర్‌సెక్షన్ ఓవర్ యూనియన్, పొట్టిగా ఐఓయూ అంటారు. మొత్తం చోటుతో భాగించకపోతే ఫొటో అంతటికీ ఒకే పెట్టె గీసి గెలిచేయొచ్చు.

ఇప్పుడు ఆ పెట్టెను 20 పిక్సెళ్లు కిందికి కూడా జరపండి. కలిసిన భాగం 6,400, మొత్తం 13,600, ఐఓయూ 0.47. కంటికి పెట్టె బాగానే కూర్చున్నట్టుంటుంది. కానీ పాస్కల్ వీఓసీ పోటీలు పెట్టిన గీత 0.5 కాబట్టి ఇది ఫెయిల్. నిజానికి అది ఉదారమైన గీతే: మనుషులు గీసిన పెట్టెల్లోనూ తేడాలుంటాయని కావాలనే తక్కువ పెట్టారు. దూరంగా ఉన్న చిన్న కారుకైతే కష్టం మరీ ఎక్కువ. 10 పిక్సెళ్ల పెట్టె అటు రెండు, ఇటు రెండు పిక్సెళ్లు జరిగితే చాలు, మళ్లీ అదే 0.47.

ఒక్క పెట్టె సంగతి తేలింది. మొత్తం పనికి మార్కులెలా? ఫొటోల్లో నాలుగు కార్లున్నాయి, కంప్యూటర్ ఐదు పెట్టెలు గీసింది. ప్రతి పెట్టెకూ తనకెంత నమ్మకమో అదే చెబుతుంది. ఆ వరుసలో పేర్చితే ఒప్పు, ఒప్పు, తప్పు, ఒప్పు, తప్పు. (ఒకే కారుకు రెండో పెట్టె గీసినా తప్పే.) ప్రతి ఒప్పు దగ్గరా ఆగి, అప్పటిదాకా గీసినవాటిలో ఎన్ని సరైనవో చూస్తాం: ఒకటికి ఒకటి, రెండుకు రెండు, నాలుగుకు మూడు. అంటే 1, 1, 0.75. దొరకని నాలుగో కారుకు సున్నా. నాలుగింటి సగటు దాదాపు 0.69. ఇది యావరేజ్ ప్రెసిషన్. తప్పు పెట్టెను ఎక్కువ నమ్మకంతో ముందుకు తెస్తే ఈ అంకె పడిపోతుంది. చివర్లో ఉన్న తప్పు మాత్రం ఇక్కడ పైసా నష్టం చేయలేదు, అది నాకు కొంచెం అన్యాయంగానే తోస్తుంది.

బస్సులకు, మనుషులకు, కుక్కలకు విడివిడిగా ఇలాగే లెక్కగట్టి సగటు తీస్తే మీన్ యావరేజ్ ప్రెసిషన్, ఎంఏపీ. కోకో డేటాసెట్‌లో 80 రకాల వస్తువులున్నాయి. అక్కడ గీత కూడా ఒకటి కాదు: 0.50 నుంచి 0.95 దాకా పది గీతల దగ్గర లెక్కించి సగటు తీస్తారు. మన 0.67 పెట్టె మొదటి నాలుగు గీతలు దాటి, 0.70 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఒకే మోడల్‌కు 0.5 దగ్గర అంకె ఘనంగా, కోకో పద్ధతిలో చాలా తక్కువగా కనిపిస్తుంది. ఎవరైనా ఎంఏపీ అంకె చెబితే అది ఏ గీత దగ్గరిదో, మీకు కావాల్సిన వస్తువుకు విడిగా ఎంత వచ్చిందో అడగండి.