తెల్లవారుజామున పరుగు: దారి ఎంపిక, జాగ్రత్తలు

బెంగళూరులో జూన్ మొదటి వారంలో ఉదయం 5:53 ప్రాంతంలో సూర్యోదయమవుతుంది. జనవరి చివరిలో దాదాపు 6:46 వరకు కాదు. సూర్యోదయానికి సుమారు ఇరవై నిమిషాల ముందు గాని దారి స్పష్టంగా కనిపించదు. కనుక విధులకు వెళ్లేముందు ఏడాది పొడవునా ఐదున్నరకే పరుగుకు బయలుదేరేవారికి జూన్‌లో తోడుండే వెలుగు జనవరిలో ఉండదు.

ఆ వేళ పాలబండ్లు, నీటి ట్యాంకర్లు, కంపెనీ క్యాబులు ఖాళీ రోడ్లపై వేగంగా సాగుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. డ్రైవరు మనిషిని గుర్తించి, బ్రేకు వేసి, బండి ఆపేసరికి సుమారు 27 మీటర్లు గడుస్తాయి. దించిన హెడ్‌లైట్ల వెలుగులో నల్లని దుస్తులు ఇంచుమించు అంత దూరంలోనే కంటపడతాయి. చీలమండలకు కట్టుకునే మెరుపు పట్టీలు ఎంతో ముందుగా కనిపిస్తాయి. అవి లయగా కదలడం వల్ల అక్కడున్నది మనిషేనని వెంటనే తెలుస్తుంది. అయితే హెడ్‌లైట్లు వెలిగించని వాహనానికి అవి కనిపించవు. అందుకే చిన్న చేతిదీపం కూడా అవసరం.

వాహనాలు ఎడమవైపున నడుస్తాయి గనుక, రోడ్డు కుడి అంచున పరుగెత్తితే ఎదురొచ్చే బండి కనిపిస్తుంది. దాదాపు ఐదు కిలోమీటర్ల పరుగుకు రింగు రోడ్డు ఎక్కవలసిన అవసరం లేదు. చుట్టూ కొలిస్తే 800 మీటర్లుండే ఒక ఇళ్ల సముదాయాన్ని ఎంచుకుని, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్లు దానిని కుడిచేతివైపు ఉంచుకుని ఆరుసార్లు తిరిగితే చాలు. మలుపులన్నీ కుడివైపే వస్తాయి. ఒక్క రోడ్డూ దాటవలసిన పని ఉండదు. మిగిలే ప్రమాదాలు రెండు: గేట్లలోంచి వెనక్కి వచ్చే కార్లు, అడ్డదిశలో వెనుకనుంచి వచ్చే ద్విచక్ర వాహనాలు. ఈ రెంటినీ పసిగట్టేది చెవులే కాబట్టి ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే ఉంచాలి.

ఆ దారిలో ముందుగా ఒకరోజు తెల్లవారుజామున నడిచి చూడాలి. చెత్తకుప్ప, మాంసం దుకాణం, పిల్లలతో ఉన్న తల్లికుక్క కనిపిస్తే మరో సముదాయాన్ని ఎంచుకోవాలి. కుక్క వెంటపడితే పరుగు ఆపాలి. పరుగే దానిని మరింత ఉసిగొల్పుతుంది. దాని కళ్లలోకి చూడకుండా, వీపు చూపకుండా, పక్కకు మెల్లగా జరగాలి.

కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం వంటివి పూయరాదు. ఆ రోజే ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదటి మోతాదు వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలోకి ఇచ్చే రేబిస్ సీరం గురించి వైద్యులను తప్పక అడగాలి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం కనుక, ఆ పూట విధులకు ఆలస్యమైనా ఆసుపత్రికే ముందు వెళ్లాలి.