వాక్యం తిరగబడినా ట్యాగు తప్పిపోకూడదు

యాప్‌లోని ఇంగ్లిష్ మాటలు అనువాదకుడి చేతికి చాలాసార్లు ఎక్స్‌లిఫ్ ఫైలుగా వస్తాయి. ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ రూపొందించిన ఈ ఫార్మాట్ 2.0 వెర్షన్ 2014లో వెలువడింది. అనువాద టూల్‌లో తెరిస్తే ఎడమవైపు మూలం, కుడివైపు మన తెలుగుకు ఖాళీ కనిపిస్తాయి. ఒక్కో వరుస ఒక సెగ్మెంట్. సాధారణంగా అది ఒక వాక్యమే. టూల్ చుక్కను చూసి వాక్యాన్ని విడదీస్తుంది కాబట్టి "Dr." దగ్గర పొరపాటున తెగిపోవచ్చు. అలాంటప్పుడు టూల్ ఒప్పుకుంటే రెండు వరుసలను కలిపేసుకోవాలి.

అసలు చిక్కు ట్యాగులతోనే. బొద్దు అక్షరాలు, లింకులు, తర్వాత వచ్చి చేరే అంకెలు, పేర్లు అన్నీ ఫైల్లో గుర్తులుగా ఉంటాయి. ఒక ఉదాహరణ చూద్దాం:

```xml
<source>Press <pc id="1">Save</pc>
to keep <ph id="2"/> files.</source>
<target><ph id="2"/> ఫైళ్లను భద్రపరచడానికి
<pc id="1">సేవ్</pc> నొక్కండి.</target>
```

ఇక్కడ `pc` జంట ట్యాగు. దాని మధ్య ఉన్న మాట బొద్దుగా కనిపిస్తుంది. `ph` ఒంటరి ట్యాగు, యాప్ నడిచేటప్పుడు అక్కడ ఫైళ్ల సంఖ్య వస్తుంది. తెలుగులో క్రియ చివరికి పోతుంది కనుక రెండో ట్యాగు ముందుకొచ్చింది. అది తప్పు కాదు. ఐడీలు మారకూడదు, జంటలో ఏ సగమూ పోకూడదు, అంతే. ఏదైనా పోతే టూల్‌లోని నాణ్యత తనిఖీ ఎర్రగా చూపిస్తుంది. తనిఖీ చేయకుండా పంపితే తెర మీద సంఖ్య మాయమవుతుంది, లేదా ఫైలే తిరిగి తెరుచుకోదు.

తనిఖీకి అందని తప్పు ఇంకొకటుంది. ట్యాగు స్థానంలో మనిషి పేరు వచ్చేటప్పుడు దాని పక్కన "కు" తగిలిస్తే "సీతకు" బాగుంటుంది, "రవికు" బాగుండదు. ఏ పేరు వస్తుందో మనకు తెలియదు. అందుకే ట్యాగు తర్వాత ఖాళీ వదిలి "గారికి" అని రాయడం నాకు నచ్చిన దారి. ఏ పేరుకైనా అది అతుకుతుంది.

ఇక తాళం. బ్రాండు పేరులాంటి మాటను `translate="no"` అనే గుర్తుతో ఫైలు తయారుచేసినవారే కాపాడతారు. దాన్ని యథాతథంగా ఉంచాలి. మొత్తం సెగ్మెంట్ బూడిదరంగులో మూసి ఉంటే, చాలావరకు అది ఇదివరకే ఆమోదం పొందిన అనువాదం. తాళం ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది సరైనదని అనుకోనక్కర్లేదు. పాత పదమో అక్షరదోషమో కనిపిస్తే తాళం తీసి దిద్దకండి. సెగ్మెంట్ సంఖ్య, తప్పు, మీ సవరణ రాసి పని అప్పగించినవారికి పంపండి. అదే వాక్యం వేరే ఫైళ్లలోనూ ఉండవచ్చు, వారైతే అన్నిచోట్లా ఒకేసారి మార్చగలరు.